నిండిందా, ఖాళీనా: ఎనిమిది గళ్ల క్యూలో తొమ్మిదో స్థితి

బెంగళూరు మారతహళ్లిలో, ఎంబెడెడ్ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న తెలుగువాళ్ల కోసం ఒక ఆదివారం ఇచ్చిన ప్రసంగం ఇది. మధ్యలో వచ్చిన ప్రశ్నలు ఉన్నచోటే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలున్నాయి. సర్క్యులర్ క్యూ అంటే ఏంటో మీ అందరికీ తెలుసు, రెండో సంవత్సరం డేటా స్ట్రక్చర్స్‌లో చదివే ఉంటారు. అందుకే ఈరోజు మొత్తం క్యూ గురించి చెప్పను. అందులో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం: హెడ్, టెయిల్ రెండూ ఒకే గడిలో ఉన్నాయి, అప్పుడు క్యూ ఖాళీగా ఉందా, నిండిపోయి ఉందా? ఇంటర్వ్యూలో దీనికి జవాబు రెండు ముక్కల్లో చెప్పేసి బయటపడొచ్చు. కానీ నడుస్తున్న బోర్డు మీద డేటా మాయమవుతున్నప్పుడు ఆ రెండు ముక్కలు సరిపోవు.

బోర్డు మీద ఎనిమిది గళ్లు గీస్తున్నాను, నంబర్లు 0 నుంచి 7 దాకా. కొత్తది ఎక్కడ పెట్టాలో టెయిల్ చెబుతుంది, తీయాల్సింది ఎక్కడుందో హెడ్ చెబుతుంది. 7 దాటితే మళ్లీ 0. మొదట్లో రెండూ 0 దగ్గరే ఉన్నాయి, క్యూ ఖాళీ. ఇప్పుడు ఎవరూ ఏమీ తీయకుండా వరసగా ఎనిమిది బైట్లు పెడదాం. ఒకటి పెట్టగానే టెయిల్ 1కి వెళ్లింది, ఏడు పెట్టేసరికి 7 దగ్గరుంది, ఎనిమిదోది ఏడో నంబరు గడిలో పడింది, టెయిల్ తిరిగి 0కి వచ్చింది. హెడ్ కదల్లేదు, అదీ 0 దగ్గరే ఉంది. చూడండి, అర్రే నిండా డేటా ఉంది, కానీ హెడ్, టెయిల్ మాత్రం ఏమీ పెట్టకముందు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి. తీసేవాడు వచ్చి head == tail అని చూసి, ఏమీ లేదనుకుని వెళ్లిపోతాడు.

ఇక్కడ చాలామంది, నిండిన క్యూలో ఇంకోటి పెడితే ఆ ఒక్కటే పోతుంది కదా అనుకుంటారు. కాదు. నిండినట్టు కనిపెట్టే చెక్ లేకపోతే పోయేది ఒకటి కాదు, క్యూ మొత్తం.

ఒక కేసు లెక్క వేసి చూద్దాం. జీపీఎస్ మాడ్యూల్ నుంచి 9600 బాడ్ మీద డేటా వస్తోందనుకోండి. ఒక్కో బైటుకి స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలుపుకుని పది బిట్లు, అంటే సెకనుకి 960 బైట్లు. మీ బఫర్ సైజు 64. మీ మెయిన్ లూప్‌లో ఎవరో ఒక 100 మిల్లీసెకన్ల డిలే పెట్టారు. ఆ లోపు 96 బైట్లు వచ్చి పడతాయి. చెక్ లేని క్యూలో టెయిల్ ఒక చుట్టు పూర్తి చేసి ఇంకో 32 గళ్లు ముందుకి పోతుంది. డిలే అయిపోయి మెయిన్ లూప్ వచ్చి చూస్తే, టెయిల్ నుంచి హెడ్ తీసేస్తే 32 వస్తుంది, సరే 32 బైట్లు ఉన్నాయనుకుని చదువుకుంటుంది. అవి మొదటి 32 కాదు, చివరి 32, ఎందుకంటే మొదటివాటి మీద ఇవి రాసేశాయి. మధ్యలో 64 బైట్లు గల్లంతు. ఎర్రర్ ఏమీ రాదు, కోడ్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం ఒక వాక్యం మొదలు ఇంకో వాక్యం చివరతో అతుక్కుని కనిపిస్తుంది.

దీన్ని పట్టుకునే గుర్తు ఒకటుంది, రాసుకోండి. పంపినవి ఎన్ని, అందినవి ఎన్ని అని లెక్కపెట్టండి. పోయినవాటి సంఖ్య 64 గానీ, 128 గానీ, 192 గానీ, అంటే ఎప్పుడూ బఫర్ సైజుకి గుణిజంగానే వస్తోందంటే అనుమానించాల్సింది వైరుని కాదు, బాడ్ రేటుని కాదు, మీ క్యూనే. తీసేవాడికి కనిపించేది చుట్టులో స్థానం మాత్రమే, ఎన్ని చుట్లు అయ్యాయో తెలీదు, కాబట్టి పోతే పూర్తి చుట్లే పోతాయి. వైరు వదులైతే అంత లెక్కగా పోవు.

ఇది కోడ్ సరిగా రాయకపోవడం వల్ల వచ్చిందా అంటే, అసలు మూలం అంతకంటే లోతుగా ఉంది. ఎనిమిది గళ్ల క్యూలో ఎన్ని ఉండొచ్చు? సున్నా నుంచి ఎనిమిది దాకా, అంటే తొమ్మిది స్థితులు. హెడ్‌కి టెయిల్‌కి మధ్య దూరం ఎన్ని రకాలుగా ఉండొచ్చు? సున్నా నుంచి ఏడు దాకా, ఎనిమిది రకాలే. తొమ్మిది స్థితుల్ని ఎనిమిది అంకెల్లో ఇరికిస్తే ఎక్కడో రెండు ఒకే అంకెలో పడక తప్పదు. ఆ పడేవి ఖాళీ, నిండు. మీరు if కండిషన్ ఎంత తెలివిగా రాసినా, రెండు ఇండెక్సుల్లో లేని సమాచారం బయటికి రాదు.

కంఠీరవ స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ చూసే ఉంటారు. ఇద్దరు పక్కపక్కన పరిగెడుతున్నారు. ఫొటో ఒక్కటి చూపించి, వీళ్లిద్దరూ సమానంగా ఉన్నారా, ఒకడు రెండోవాడి కంటే ఒక రౌండ్ ముందున్నాడా అని అడిగితే చెప్పలేం. ఫొటోలో రౌండ్ నంబరు లేదు. మనకి కావాల్సింది ఆ రౌండ్ లెక్కే.

కాబట్టి అసలు ప్రశ్న ఇలా అడగాలి: ఆ మిగిలిపోయిన కాస్త సమాచారం ఎక్కడ దాస్తావు, దాన్ని ఎవరు రాస్తారు? రెండో సగం, ఎవరు రాస్తారన్నదే ముఖ్యం. దాని మీదే మిగతా అంతా ఆధారపడి ఉంది.

మొదటి దారి, సమాచారం దాచకుండా స్థితుల్నే తగ్గించడం. ఎనిమిది గళ్లలో ఏడే వాడతాం, ఒకటి ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాం. అప్పుడు స్థితులు ఎనిమిది, దూరాలు ఎనిమిది, లెక్క కుదిరింది.

```c
#define N 8
volatile uint8_t buf[N];
volatile uint8_t head, tail;

int push(uint8_t x) {
    uint8_t next = (tail + 1) % N;
    if (next == head) return 0;   // full
    buf[tail] = x;
    tail = next;
    return 1;
}
```

ఖాళీ అంటే head == tail, నిండు అంటే టెయిల్ తర్వాతి గడి హెడ్. గేట్ రాసినవాళ్లు ఉన్నారా? 2012 కంప్యూటర్ సైన్స్ పేపర్లో సరిగ్గా ఇదే అడిగారు, n గళ్ల అర్రేలో n-1 పట్టే సర్క్యులర్ క్యూకి నిండు, ఖాళీ కండిషన్లు ఏంటని. ఇంటర్వ్యూలో మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, k ఎలిమెంట్లు పట్టే క్యూ రాయమంటే కచ్చితంగా k పట్టాలి, కాబట్టి ఈ పద్ధతిలో అర్రే k+1 తీసుకోవాలి. అది మర్చిపోతే చివరి పుష్ ఫెయిలవుతుంది.

ఆర్డుయినో ఊనో ఆర్3లో సీరియల్ బఫర్ ఇలాగే ఉంటుంది. సైజు 64, పట్టేది 63. అక్కడ పేర్లు మాత్రం తిరగబడి ఉంటాయి, రాసే చివరని హెడ్ అంటారు, చదివే చివరని టెయిల్ అంటారు, ఆ కోడ్ చదివేటప్పుడు కంగారుపడకండి. ఇందాకటి 96 బైట్ల కేసు దీనికి పెడితే, సుమారు 66 మిల్లీసెకన్లలో బఫర్ నిండుతుంది, ఆ తర్వాత వచ్చిన దాదాపు 33 బైట్లను పారేస్తుంది. నష్టం ఉంది, కానీ మొదట వచ్చిన 63 వరస తప్పకుండా ఉన్నాయి, తెగింది చివర్లోనే.

ఆ వెనక చెయ్యెత్తారు, అడగండమ్మా.

"అన్నా, ఒక గడి ఎందుకు వృథా చెయ్యాలి? కౌంట్ అని ఒక వేరియబుల్ పెట్టుకుంటే సరిపోదా? కౌంట్ 0 అయితే ఖాళీ, 8 అయితే నిండు."

సరిపోతుందమ్మా, ఒకే ఒక్కరు పెట్టి, ఆ ఒక్కరే తీసేటప్పుడు. మీ లాప్‌టాప్‌లో ఒకే థ్రెడ్‌లో నడిచే ప్రోగ్రాంకి అదే రాయండి, చదివేవాళ్లకి సులువుగా అర్థమవుతుంది, నేనూ అదే రాస్తాను. కానీ మనం మాట్లాడుకుంటున్న చోట పెట్టేది ఇంటరప్ట్, తీసేది మెయిన్ లూప్. అప్పుడు కౌంట్‌ని ఇద్దరూ రాస్తారు. ఇంటరప్ట్ దాన్ని పెంచుతుంది, మెయిన్ తగ్గిస్తుంది. చిక్కంతా అక్కడే. కాస్త నెమ్మదిగా చూద్దాం.

count-- అని సీలో ఒక్క లైనే. ఊనోలో ఉన్న ఏవీఆర్ చిప్‌కి మెమరీలో ఉన్నదాన్ని ఉన్నచోటే తగ్గించే ఇన్‌స్ట్రక్షన్ లేదు. కాబట్టి అది మూడు పనులు చేస్తుంది: మెమరీ నుంచి రిజిస్టర్‌లోకి తెచ్చుకోవడం, అక్కడ ఒకటి తగ్గించడం, తిరిగి మెమరీలో రాయడం. ఇప్పుడు క్యూలో ఐదు ఉన్నాయి. మెయిన్ ఒకటి తీసింది, హెడ్ జరిపింది, కౌంట్ తగ్గించడానికి 5 తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వచ్చింది. అది ఒక బైటు పెట్టి, టెయిల్ జరిపి, మెమరీలో ఇంకా 5 ఉంది కాబట్టి 6 చేసి వెళ్లిపోయింది. మెయిన్ మళ్లీ మొదలైంది, దాని చేతిలో పాత 5 ఉంది, తగ్గించి 4 రాసింది. ఒకటి తీశాం, ఒకటి పెట్టాం, క్యూలో ఉన్నవి ఐదే. కౌంట్ మాత్రం 4.

ఈ తేడా తర్వాత దానంతట అది సరికాదు. మెయిన్ నాలుగు తీసేసి, కౌంట్ 0 అయింది కదా అని ఆగిపోతుంది, ఐదోది లోపలే ఉండిపోతుంది. కొత్త బైటు వస్తే కౌంట్ 1 అవుతుంది, మెయిన్ వచ్చి తీస్తే చేతికొచ్చేది ఆ పాత బైటు. ఇక అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒక బైటు ఆలస్యంగా వస్తుంది. మీరు ఒక కమాండ్ పంపితే డివైస్ అంతకుముందు కమాండ్‌కి స్పందిస్తుంది, రీసెట్ నొక్కితే బాగవుతుంది, కొన్ని గంటల తర్వాత మళ్లీ అదే. ఈ లక్షణం ఎక్కడైనా కనిపిస్తే ముందు వెతకాల్సింది, ఇద్దరూ రాస్తున్న ఒక వేరియబుల్. రెండో హాని నిండినప్పుడు బయటపడుతుంది: లోపల నిజంగా ఎనిమిది ఉంటే కౌంట్ ఏడు అంటుంది, ఇంటరప్ట్ ఇంకా చోటుందనుకుని, ఇంకా చదవని అతి పాత బైటు మీద రాసేస్తుంది.

ఫ్లాగ్ పెట్టుకునే పద్ధతి కూడా ఉంది, చివరగా జరిగింది పెట్టడమా తీయడమా అని గుర్తుంచుకునేది. దాన్నీ ఇద్దరూ రాస్తారు, జబ్బు అదే, అందుకే దాని మీద టైం పెట్టను.

ఇప్పుడు ఆ ఖాళీ గడి కోడ్ మళ్లీ చూడండి. టెయిల్‌ని ఎవరు రాస్తున్నారు? పెట్టేవాడు మాత్రమే. హెడ్‌ని? తీసేవాడు మాత్రమే. రెండోవాడిది చూడొచ్చు, ముట్టకూడదు. మెయిన్ చూసిన టెయిల్ ఒక క్షణం పాతదే అయ్యిందనుకోండి, ఏమవుతుంది? నిజంగా ఉన్నవాటి కంటే తక్కువ ఉన్నాయనుకుంటుంది, అంతే, మిగిలినవి తర్వాతి రౌండులో తీసుకుంటుంది. అటువైపు ఇంటరప్ట్ పాత హెడ్‌ని చూస్తే, నిజంగా ఉన్న చోటు కంటే తక్కువ ఉందనుకుంటుంది. అనవసరంగా ఒక బైటు వద్దనవచ్చు గానీ చదవనిదాని మీద మాత్రం రాయదు. కాబట్టి ఆ ఒక్క గడి పోవడాన్ని నేను వృథా అనను. తాళం లేకుండా ఇద్దరు పనిచేసుకోవడానికి ఇచ్చిన ధర అది.

అలాగని నిబంధనలు లేవని కాదు. పెట్టేవాడు ఒక్కడే ఉండాలి, తీసేవాడు ఒక్కడే ఉండాలి. ముందు గడిలో బైటు రాయాలి, ఆ తర్వాతే టెయిల్ జరపాలి. తిరగేస్తే ఇంకా రాయని గడిని అవతలివాడు చదివేస్తాడు. ఇండెక్స్ కూడా ప్రాసెసర్ ఒకే ఊపులో చదవగలిగే సైజులో ఉండాలి, ఎనిమిది బిట్ల ఏవీఆర్ మీద పదహారు బిట్ల ఇండెక్స్ పెడితే సగం పాతది సగం కొత్తది చదివే ప్రమాదం ఉంది. రెండు కోర్ల మీద నడిచేదైతే ఈ volatile చాలదు, సీ11 అటామిక్స్‌లో రిలీజ్, అక్వైర్ వాడాలి.

"అన్నా, బైటు అయితే ఓకే. ఒక్కో గడి రెండు కేబీ ప్యాకెట్ అయితే? అప్పుడు కూడా ఒకటి వదిలేయాలా?"

మంచి ప్రశ్న తమ్ముడూ. అప్పుడు ఆ ధర ఎక్కువే, నాలుగు గళ్ల క్యూలో ఒకటి వదిలేస్తే నాలుగో వంతు మెమరీ పోయినట్టు. దానికే రెండో దారి. స్టేడియంలో రౌండ్ నంబరు లేదన్నాం కదా, దాన్ని ఇండెక్స్‌లోనే ఉంచుదాం. 7 తర్వాత 0కి తిప్పడం మానేసి హెడ్, టెయిల్ రెండింటినీ పెరుగుతూ పోనిద్దాం, 8, 9, 10 అలా. అర్రేని ముట్టేటప్పుడు మాత్రమే చివరి మూడు బిట్లు తీసుకుందాం.

```c
uint8_t used = (uint8_t)(tail - head);
if (used == N) return 0;      // full
buf[tail & (N - 1)] = x;
tail++;
```

టెయిల్ అంటే ఇప్పటిదాకా పెట్టినవన్నీ, హెడ్ అంటే ఇప్పటిదాకా తీసినవన్నీ, తేడా అంటే లోపల ఉన్నవి. తేడా 0 అయితే ఖాళీ, 8 అయితే నిండు, ఎనిమిది గళ్లూ వాడుకున్నాం, పైగా ఎవరి వేరియబుల్ వాళ్లే రాస్తున్నారు. లైనక్స్ కెర్నల్‌లో kfifo ఇలాగే నడుస్తుంది. అదే కెర్నల్‌లో circ_buf మాక్రోలు మాత్రం ఒక గడి వదిలేసే పద్ధతి, రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. వీఎల్‌ఎస్‌ఐ వైపు వాళ్లకి ఇది ఇప్పటికే తెలుసు, ఎనిమిది గళ్ల ఫిఫోకి పాయింటర్ మూడు బిట్లు చాలు, అయినా నాలుగు పెడతారు. నాలుగూ ఒకటే అయితే ఖాళీ, పై బిట్ ఒక్కటే తేడాగా ఉండి మిగతా మూడూ ఒకటే అయితే నిండు.

uint8_t 255 దాటితే 0కి వస్తుంది కదా అని మీకు అనుమానం రావాలి. హెడ్ 254, టెయిల్ 2 అనుకోండి. ఎనిమిది బిట్లలో 2 లోంచి 254 తీస్తే 4, జవాబు సరైనదే. కానీ సీలో ఒక మెలిక ఉంది. తీసివేతకి ముందు uint8_t రెండూ int అయిపోతాయి, అప్పుడు వచ్చేది 4 కాదు, మైనస్ 252. నేరుగా if (tail - head == N) అని రాశారనుకోండి, హెడ్ 250, టెయిల్ 2 ఉన్నప్పుడు లోపల నిజంగా ఎనిమిది ఉన్నాయి, మీ కండిషన్‌కి మైనస్ 248 కనిపిస్తుంది, నిండలేదనుకుని మీద రాసేస్తుంది. అందుకే పైన ఆ కాస్ట్ ఉంది, అలంకారానికి కాదు. uint32_t వాడితే మామూలు మెషీన్ల మీద ఈ బాధ ఉండదు.

ఇంకోటి, సైజు రెండు ఘాతంగా ఉండాలి, 8, 16, 64 ఇలా. ఆరు గళ్లు పెట్టి % 6 వాడితే 255 దగ్గర గడి నంబరు 3 వస్తుంది, తర్వాత రావాల్సింది 4, కానీ కౌంటర్ 0 అయిపోయింది కాబట్టి 0వ గడికి దూకుతుంది. 256ని 6 భాగించదు, 8 భాగిస్తుంది. అలాగని uint8_t కౌంటర్లతో 256 గళ్ల క్యూ కట్టలేరు, ఎందుకో మీరే చెప్పండి... అవును, 257 స్థితులు, 256 అంకెలు, మళ్లీ మొదటికే వచ్చాం. 128 వరకే.

ఈ రెండు తప్పులూ 256 బైట్లు దాటేదాకా బయటపడవు, 32 బిట్లయితే దాటేది నాలుగు వందల కోట్ల పైచిలుకు తర్వాత. టెస్టులో అంతసేపు ఎవరు కూర్చుంటారు? కాబట్టి కౌంటర్లని 0 నుంచి మొదలుపెట్టకండి, హెడ్, టెయిల్ రెండింటినీ 250 దగ్గర మొదలుపెట్టండి. తేడా సున్నానే కాబట్టి క్యూ ఖాళీయే, కానీ ఆరు బైట్లకే మలుపు వచ్చేస్తుంది, తప్పుంటే మీ డెస్క్ మీదే దొరుకుతుంది. లైనక్స్‌లో జిఫీస్ కౌంటర్‌ని కూడా ఇలాగే, 32 బిట్లు పొర్లడానికి ఐదు నిమిషాల ముందు విలువ దగ్గర మొదలుపెడతారు.

టైం అయిపోతోంది, ఇంకొక్క ప్రశ్న. చెప్పండి.

"అన్నా, సెన్సర్ డేటాకి నాకు పాతది అక్కర్లేదు, కొత్తదే కావాలి. నిండితే హెడ్‌ని ఒకటి ముందుకి జరిపి పాతదాన్ని పడేయొచ్చా?"

ఎవరు జరుపుతారు? ఇంటరప్ట్. హెడ్ ఎవరిది? మెయిన్‌ది. అంటే హెడ్‌ని ఇద్దరు రాస్తున్నారు, కౌంట్ దగ్గర చూసిన గొడవే ఇక్కడికి వచ్చింది. ఇంకా ఘోరం ఏంటంటే, మెయిన్ సగం చదువుతున్న గడి మీదే ఇంటరప్ట్ కొత్తది రాయొచ్చు, రీడింగ్ రెండు బైట్లదైతే పై బైటు పాతది, కింది బైటు కొత్తది వస్తుంది. మీ రేటు తక్కువైతే సులువైన దారి, మెయిన్ తీసేటప్పుడు ఆ నాలుగు లైన్లకి ఇంటరప్ట్స్ ఆపి, కాపీ చేసుకుని, మళ్లీ ఆన్ చేయండి, అప్పుడు హెడ్‌ని ఎవరు జరిపినా ఫర్వాలేదు. అలా ఆపే వీలు లేకపోతే, పడేసే పని మెయిన్‌కే అప్పగించండి: ఇంటరప్ట్ నిండితే కొత్తదాన్ని వదిలేసి ఒక ఓవర్‌ఫ్లో కౌంటర్ పెంచుతుంది, దాన్ని ఇంటరప్ట్ మాత్రమే రాస్తుంది. మెయిన్ వచ్చినప్పుడల్లా ఉన్నవన్నీ తీసి చివరిది మాత్రం ఉంచుకుంటుంది. ఆ కౌంటర్ పెరుగుతోందంటే ఆ చివరిది కూడా కాస్త పాతదే అని అర్థం, అప్పుడు బఫర్ పెంచాలో, మెయిన్ లూప్‌లో ఆ డిలే తీసేయాలో చూసుకోండి. నేనైతే ముందు డిలే తీసేస్తాను.